చెరువు పూడిక తీసినందుకే బావుల్లో నీళ్ళు పెరిగాయా? ముందు–తరువాత, తీసిన చోటు–తీయని చోటు పోలిక చేసే పద్ధతి

"మా ఊరి చెరువు పూడిక తీశారు, మరుసటి ఏడాది బావులు నిండాయి. ఇది పూడిక తీసినందువల్లేనని ఎలా చూపించాలి?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. పూడికకు ముందు బావిలో నీటి మట్టం, తరువాత నీటి మట్టం పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తే చాలదు. ఎందుకు చాలదో తెలంగాణ రైతులకు బాగా తెలిసిన సంగతే చెబుతుంది. 2014, 2015 వరుసగా వానలు తక్కువైన ఏళ్ళు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పనులు మొదలయ్యాయి. 2016 సెప్టెంబరులో భారీ వర్షాలు కురిశాయి. ఆ నవంబరులో ఏ బావిలో కొలిచినా నీళ్ళు పైకే వచ్చి ఉంటాయి, పూడిక తీసినా తీయకపోయినా.

అందుకే పూడిక తీయని చెరువులను కూడా అవే రోజుల్లో, అదే పద్ధతిలో కొలవాలి. తీసిన చోట వచ్చిన మార్పులోంచి తీయని చోట వచ్చిన మార్పును తీసేయాలి. ఇంగ్లీషులో దీన్ని బిఫోర్-ఆఫ్టర్-కంట్రోల్-ఇంపాక్ట్ అంటారు, క్లుప్తంగా బీఏసీఐ. ఇక్కడ తీసిన చెరువును "పని చెరువు" అనీ, తీయని చెరువును "పోలిక చెరువు" అనీ అంటాను. కంకర క్రషర్ వల్లో, ఫ్యాక్టరీ వ్యర్థాల వల్లో జరిగిన నష్టాన్ని తేల్చాలన్నా లెక్క ఇదే. కాకపోతే నష్టం ముందుగా చెప్పి రాదు కాబట్టి "ముందు" కొలతలు దొరకడం కష్టం.

## 1. ఏం కొలుస్తారో పని మొదలవక ముందే రాసిపెట్టుకోండి

ఒకే ఒక కొలతను ముఖ్యమైనదిగా ఎంచుకోండి. భూగర్భ జలాలకైతే నవంబరులో నేల మట్టం నుంచి నీటి మట్టం వరకు ఉన్న లోతు, మీటర్లలో. వానాకాలం అయ్యాక చెరువు నింపిన నీళ్ళు బావికి చేరాయా లేదా అన్నది ఆ నెలలో బాగా కనిపిస్తుంది. మే నెల లోతు వేరే ప్రశ్నకు జవాబు: యాసంగి పంట అంతా తోడుకున్నాక ఏం మిగిలింది అని.

రెండూ కొలవండి, కానీ తీర్పు దేని మీద చెబుతారో ముందే కాగితం మీద రాయండి. తరువాత పది కొలతలు చూసి బాగున్నది ఎంచుకుంటే వానలో వచ్చిన తేడానే పూడిక ఫలితంగా చూపించినట్టవుతుంది.

ఎంత పెరిగితే పెరిగినట్టు అన్నది కూడా రాయండి. మన గ్రానైట్ నేలల్లో శిథిల శిల పొర పట్టుకుని వదిలే నీళ్ళు ఆ పొర ఘనపరిమాణంలో సుమారు 3 శాతం లోపే. 2 శాతం అనుకుంటే బావిలో 1 మీటరు పెరిగినా నేలలో చేరింది 20 మిల్లీమీటర్ల నీళ్ళు. మీటర్లలో చూస్తే గొప్పగా కనిపించేది పంటకు ఎన్ని తడులు ఇస్తుందో ఇక్కడే లెక్క వేసుకోవాలి.

## 2. పోలిక చెరువులను ఎంచుకోవడం

పని మొత్తంలో ఎక్కువ సమయం దీనికే పెట్టండి. ఇక్కడ తప్పు చేస్తే తరువాత ఏ లెక్కా దాన్ని సరిదిద్దలేదు.

పోలిక చెరువు పని చెరువులా కనిపించాల్సిన పని లేదు. బావులు ఒకచోట 8 మీటర్లు, ఇంకోచోట 9 మీటర్లు ఉన్నా ఫర్వాలేదు, ఆ తేడా లెక్కలో పోతుంది. కావలసిందల్లా పూడిక తీయకపోతే రెండూ కలిసి పైకీ కిందకీ కదలడం. వాన బాగా పడిన ఏడాది రెండూ ఒకేలా పెరగాలి, కరువులో ఒకేలా దిగాలి. అందుకు వాన, రాయి, పంట, బోర్ల సాంద్రత దాదాపు ఒకటిగా ఉండాలి. వరి ఎక్కువగా వేసే ఆయకట్టు పక్కన పత్తి చేలే ఉన్న ఊరి చెరువును పెడితే కరువు ఏడాదిలో అవి వేరువేరుగా నడుస్తాయి.

ఇక గొలుసుకట్టు చెరువుల సంగతి. తెలంగాణలో పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్ళే కింది చెరువుకు వస్తాయి. పై చెరువు పూడిక తీస్తే అది ఎక్కువ నీళ్ళు పట్టుకుంటుంది, మత్తడి ఆలస్యంగా దూకుతుంది, కింది చెరువుకు నీళ్ళు తగ్గుతాయి. ఆ కింది చెరువునే పోలికగా పెట్టుకుంటే దాని బావులు దిగిపోయి, మీ పని చెరువు ఫలితం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఒక ఊరి నీళ్ళు ఇంకో ఊరికి మారాయి. పోలిక చెరువు వేరే గొలుసులో ఉండాలి, లేదా అదే గొలుసులో పని చెరువుకు పైన ఉండాలి.

ఇంకొకటి, పని చెరువును ఎందుకు ఎంచుకున్నారో అడగండి. "ఆ ఏడాది బావులన్నీ ఎండిపోయాయి కాబట్టి" అని జవాబు వస్తే జాగ్రత్త. ఒక చెడ్డ ఏడాదిలో అందరికంటే ఎక్కువ దిగిపోయిన చోటు, ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది ఎక్కువగానే తేరుకుంటుంది. అంతే చెడ్డగా దిగిపోయి, జాబితాలో పేరు రాని చెరువులే దానికి సరైన పోలిక.

మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను విడతలుగా తీసుకున్నారు. ఇలాంటి పథకాల్లో తరువాతి విడతలకు మిగిలినవి ముందు విడతకు మంచి పోలిక అవుతాయి, వాటి వంతు వచ్చే వరకు. ఏ చెరువు ముందు, ఏది వెనుక అన్నది చీటీలు వేసి తేల్చగలిగితే ఇంకా మంచిది. మీ చేతిలో ఆ అవకాశం ఉంటే వదులుకోవద్దు.

ఎంపికకు చెక్‌లిస్ట్:

- పని చెరువు మత్తడి నీళ్ళు పోలిక చెరువుకు రావు.
- రెండింటికీ కాలువ నీళ్ళు లేవు, లేదా రెండింటికీ ఉన్నాయి.
- మట్టి, రాయి, ప్రధాన పంట ఒకే రకం.
- రాబోయే మూడేళ్ళలో పోలిక చెరువులో పూడిక తీసే ఆలోచన లేదు (నీటిపారుదల శాఖలో అడిగి తెలుసుకోండి).
- పాత రీడింగులు పెట్టి చూస్తే రెండూ కలిసి కదిలాయి.

చివరిదాన్ని ఊరికే టిక్ పెట్టి వదలకండి. రాష్ట్ర భూగర్భ జల శాఖ నీటి మట్టం కొలవడానికే వేసిన బోర్లైన పీజోమీటర్ల నెలవారీ రీడింగులు, కేంద్ర భూగర్భ జల బోర్డు ఏడాదికి నాలుగుసార్లు కొలిచే బావుల లెక్కలు తీసుకుని, రెండు ఊళ్ళ గీతలూ ఒకే కాగితం మీద గీయండి. గీతల మధ్య దూరం ఏటేటా కాస్త అటూ ఇటూగా అంతే ఉంటే ఆ చెరువు పనికొస్తుంది. పూడిక తీయకముందే దూరం పెరుగుతూనో తరుగుతూనో ఉంటే దాన్ని వదిలేయండి.

## 3. ఎన్ని చెరువులు, ఎన్ని బావులు, ఎన్నేళ్ళు

అందరూ పొరపడేది ఇక్కడే. ఒక పని చెరువు కింద 40 బావులు, ఒక పోలిక చెరువు కింద 40 బావులు కొలిచి, "80 బావుల అధ్యయనం" అని రాస్తారు. కానీ పూడిక తీసింది ఒక్క చెరువులోనే. ఆ ఊళ్ళో ఒక మంచి వాన పడితే 40 బావులూ కలిసే పెరుగుతాయి. లెక్కలోకి వచ్చేవి చెరువులు, బావులు కాదు.

కాబట్టి ఒక్కో చెరువుకు 4 లేదా 5 బావులు చాలు, కట్ట కింద అర కిలోమీటరు లోపు. వాటి సగటు ఆ చెరువుకు ఒకే అంకె. మిగిలిన శ్రమ ఎక్కువ చెరువులకు పెట్టండి. మీది ఒకే పని చెరువైతే కనీసం 4 పోలిక చెరువులు పెట్టుకోండి.

"ముందు" కనీసం మూడు నవంబర్లు, "తరువాత" మూడు. ముందు ఒకే ఏడాది ఉంటే, ఆ ఏడాది అది కరువో కాదో అన్నదే మీ ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

## 4. కొలిచేటప్పుడు

ఒకే మనిషి, ఒకే టేపు, ఒకే వారం. అన్ని చెరువులనూ వారం లోపు ముగించండి. మధ్యలో పెద్ద వాన పడితే మొదటి నుంచి మళ్ళీ కొలవండి.

ప్రతి బావికీ కొలిచే చోటు రంగుతో గుర్తు పెట్టండి. ఒకసారి మా జట్టులో మొదటి రెండేళ్ళు నేల మట్టం నుంచి, మూడో ఏడాది కొత్త మనిషి బావి గట్టు మీది నుంచి కొలిచారు. గట్టు ఎత్తు ముప్పావు మీటరు. గట్టు ఎత్తులన్నీ మళ్ళీ కొలిచి సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. అదృష్టవశాత్తూ బావులు అక్కడే ఉన్నాయి. మట్టి పోసి పూడ్చేసి ఉంటే ఆ ఏడాది లెక్క పోయినట్టే.

నడుస్తున్న బోరులో కొలవకండి. మోటరు ఆగిన తరువాత నీళ్ళు తేరుకోవడానికి గంటలు పడుతుంది. వాడుకలో లేని పాత దిగుడు బావులు, పీజోమీటర్లు మేలు. తప్పనిసరైతే సాయంత్రమే రైతుకు చెప్పి మోటరు ఆపించి, తెల్లవారుజామున కొలవండి.

ఎండిపోయిన బావి ఇంకో చిక్కు. అడుగు 10 మీటర్ల దగ్గర ఉంటే చాలామంది "10 మీ." అని రాసేస్తారు. నీళ్ళు అసలు 13 మీటర్ల దగ్గర ఉండవచ్చు. దానివల్ల "ముందు" లోతు తక్కువగా నమోదై, తరువాత వచ్చిన పెరుగుదల చిన్నగా కనిపిస్తుంది. "ఎండినది, 10 మీ. కంటే కింద" అని రాసి, అలాంటి బావులను సగటులో కలపకుండా విడిగా చూపించండి. ముందే తెలిస్తే పక్కనున్న లోతైన బావిని ఎంచుకోండి.

## 5. లెక్క చేసి చూద్దాం

ఇవి పద్ధతి చూపించడానికి నేను వేసుకున్న అంకెలు, ఏ ఊరివీ కావు. పూడిక 2016 వేసవిలో తీశారు అనుకుందాం. ముందు అంటే 2013, 2014, 2015 నవంబర్ల సగటు. తరువాత అంటే 2016, 2017, 2018 నవంబర్ల సగటు. అంకెలు నేల మట్టం నుంచి నీటి మట్టం వరకు ఉన్న లోతు, మీటర్లలో.

| చెరువు | ముందు | తరువాత | పెరుగుదల |
|---|---|---|---|
| పని చెరువు | 9.0 | 5.0 | 4.0 |
| పోలిక 1 | 8.2 | 6.1 | 2.1 |
| పోలిక 2 | 9.4 | 6.8 | 2.6 |
| పోలిక 3 | 7.9 | 4.9 | 3.0 |
| పోలిక 4 | 8.5 | 5.0 | 3.5 |

పని చెరువునే చూస్తే 4 మీటర్లు పెరిగింది. బ్యానర్ మీద రాసేది ఈ అంకే. పోలిక చెరువుల సగటు పెరుగుదల 2.8. తేడా 4.0 − 2.8 = 1.2 మీటర్లు. పూడిక వల్ల వచ్చిందని చెప్పుకోదగినది ఇంతే. మిగతా 2.8 వానది.

ఈ 1.2 ఎంత గట్టిది? పోలిక చెరువులు నాలుగూ ఏ పూడికా లేకుండానే 2.1 నుంచి 3.5 దాకా చెదిరి ఉన్నాయి. ఏమీ చేయని ఇంకో చెరువు ఉంటే అది కూడా 4.0కు దగ్గరగా రావచ్చు. ఆ చెదురును లెక్కలోకి తీసుకుంటే 95 శాతం నమ్మకంతో చెప్పగలిగిన హద్దులు −0.9 నుంచి 3.3 మీటర్లు. అంటే సున్నా కూడా అందులోనే ఉంది. "1.2 మీటర్లు పెరిగినట్టు కనిపిస్తోంది, కానీ ఒక్క చెరువుతో తేల్చలేము" అని రాయాలి. ఇలా రాయడానికి చాలామంది వెనుకాడతారు, కానీ మీ దగ్గరున్న అంకెలు చెప్పేది అదే.

ఇదే చెదురుతో 6 పని చెరువులు, 6 పోలిక చెరువులు ఉండి, తేడా అదే 1.2 వస్తే హద్దులు 0.4 నుంచి 2.0కి ఇరుకవుతాయి. అప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు. ఒక్క బావి కూడా అదనంగా తవ్వలేదు, చెరువులు పెరిగాయి అంతే.

కంప్యూటర్‌లో గణాంకాల సాఫ్ట్‌వేర్ `R` ఉంటే ఒక్కో చెరువుకు ఒక్కో వరుస పెట్టి ఇలా చేయండి:

```r
d$rise <- d$before - d$after
t.test(rise ~ group, data = d, var.equal = TRUE)
```

`d` అన్నది మీ పట్టిక. `before`, `after` గడుల్లో ముందు, తరువాత లోతులు, `group` గడిలో `chesina` లేదా `cheyani` అని ఉండాలి. ఒక్కోసారి ఒక్కో చెరువును తీసేసి మళ్ళీ నడపండి, ఫలితం ఒకే చెరువు మీద ఆధారపడి ఉందేమో తెలుస్తుంది.

తరువాత ఒక దొంగ పరీక్ష పెట్టండి. పూడిక 2015 వేసవిలోనే తీశారని నటించి, 2013–14ను "ముందు"గా, 2015ను "తరువాత"గా పెట్టి అదే లెక్క చేయండి. ఏ పనీ జరగలేదు కాబట్టి తేడా సున్నాకు దగ్గరగా రావాలి. అక్కడ కూడా 1 మీటరు తేడా వస్తే మీ పోలిక చెరువులు సరిపడవు. మీ 1.2కు అర్థం లేదు.

కొలిచేది నీటి లోతు కాక చెరువులో పక్షుల సంఖ్య లాంటిదైతే తీసివేత బదులు నిష్పత్తి చూడండి. ఒకచోట 400 పక్షులు 200 అయి, ఇంకోచోట 40 పక్షులు 20 అయితే రెండు చోట్లా సగమే తగ్గాయి. తీసివేస్తే మాత్రం 200కూ 20కీ పెద్ద తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. లాగరిథం తీసుకుని లెక్క చేస్తే ఈ చిక్కు పోతుంది.

## 6. పద్ధతి ఎక్కడ విఫలమవుతుంది, ఎలా పసిగట్టాలి

పని చెరువుకే ఇంకొకటి జరిగితే. పూడిక తీసిన చెరువును తరువాత ఎత్తిపోతల కాలువతో నింపితే, ఆ నీళ్ళూ పూడిక ఫలితమూ ఒకే అంకెలో కలిసిపోతాయి. వాటిని ఏ లెక్కా విడదీయలేదు. తూము డైరీ, కాలువ వదిలిన తేదీలు తీసుకోండి. వాన లేని నెలలో చెరువు నిండితే అది కాలువ నీరే. ఆ చెరువును నీళ్ళు వచ్చిన నాటి నుంచి లెక్కలోంచి తీసేయండి.

ఫలితం తనను తానే తినేస్తే. ఈ పద్ధతికి ఉన్న చిక్కుల్లో దీన్నే నేను అన్నిటికంటే పెద్దదిగా చూస్తాను. బావుల్లో నీళ్ళు పెరిగిన ఊళ్ళో రైతు ఊరుకోడు. యాసంగిలో ఇంకో ఎకరం వరి వేస్తాడు, కొత్త బోరు వేస్తాడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అది అన్ని ఊళ్ళకూ ఒకేలా వచ్చినా, నీళ్ళున్న చోటే మోటరు ఎక్కువ గంటలు నడుస్తుంది. కాబట్టి పూడిక తీసిన చోటే ఎక్కువ తోడుతారు, నీటి మట్టం మళ్ళీ దిగుతుంది, మూడో ఏడాది తేడా సున్నా అవుతుంది. "పూడిక పనికిరాలేదు" అని రాస్తే అన్యాయం. ఆ నీళ్ళు పంటగా మారాయి. అందుకే లోతుతో పాటు యాసంగి వరి విస్తీర్ణం, కొత్త బోర్ల సంఖ్య రెండు రకాల ఊళ్ళలోనూ ఏటా రాసుకోవాలి. మట్టం పెరగకపోయినా వరి పెరిగిందా అన్నది అక్కడ తెలుస్తుంది.

పై హద్దు తగిలితే. పోలిక చెరువు బావులు 2 మీటర్ల లోతుకు వచ్చేశాక ఇక పెరగడానికి చోటు లేదు. వాగులోకి ఊరిపోతాయి. అప్పుడు పని చెరువే ఎక్కువ పెరిగినట్టు కనిపిస్తుంది. 2016 లాంటి ఏడాది అంకెలను ఒకసారి తీసేసి మళ్ళీ లెక్క చేస్తే ఇది బయటపడుతుంది.

ఫలితం నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా పోతే. మూడేళ్ళ సగటు మొదటి ఏడాది పెరుగుదలనూ మూడో ఏడాది తగ్గుదలనూ కలిపేస్తుంది. ఒండ్రు మళ్ళీ చేరుతుంది. కాబట్టి ఏడాదికొక తేడా చొప్పున మూడు అంకెలు విడిగా రాయండి, సగటు వాటి పక్కన పెట్టండి.

పోలిక ఊరికే పూడిక మట్టి చేరితే. పక్క ఊరి రైతులు ట్రాక్టర్లలో నల్లమట్టి తీసుకెళ్ళి చేలల్లో వేసుకుంటారు. ఎర్ర నేలలో అది తేమను పట్టుకుంటుంది, తడులు తగ్గుతాయి, తోడడమూ తగ్గుతుంది. అలా పోలిక ఊరు కూడా కొంత "పని ఊరు" అవుతుంది, మీ తేడా చిన్నదవుతుంది. ట్రిప్పులు ఏ ఊరికి వెళ్ళాయో పని జరిగేటప్పుడే రాసుకోండి, తరువాత ఎవరికీ గుర్తుండదు.

## 7. "ముందు" కొలతలే లేకపోతే

చాలా ఊళ్ళ పరిస్థితి ఇదే. క్రషర్ వచ్చేశాక, పూడిక తీసేశాక అడుగుతారు. జ్ఞాపకాల మీద ఆధారపడి లోతులు రాయకండి, కరువు ఏడాది గుర్తున్నంతగా మామూలు ఏడాది ఎవరికీ గుర్తుండదు.

వెనక్కి వెళ్ళి తీసుకోగలిగినవి రెండున్నాయి. ఒకటి పైన చెప్పిన శాఖల పాత బావి రీడింగులు. మీ ఊళ్ళో బావి లేకపోయినా మండలంలో ఉండవచ్చు. రెండోది ఉపగ్రహ చిత్రాలు. ల్యాండ్‌శాట్ చిత్రాలు దశాబ్దాల వెనక్కి ఉచితంగా దొరుకుతాయి, సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి. ప్రతి నవంబరులోనూ చెరువులో నీళ్ళు పరుచుకున్న విస్తీర్ణం కొలవవచ్చు, పని చెరువులకూ పోలిక చెరువులకూ.

ఒక జాగ్రత్త. పూడిక తీస్తే చెరువు లోతవుతుంది, అదే విస్తీర్ణంలో ఎక్కువ నీళ్ళు పడతాయి. కాబట్టి నవంబరు విస్తీర్ణం మారకపోవచ్చు. దానికి బదులు ఫిబ్రవరి, మార్చి చిత్రాల్లో నీళ్ళు ఇంకా ఉన్నాయా, ఏ నెలలో చెరువు ఎండింది అన్నది చూడండి. ఇది చెరువు నీటి సంగతి మాత్రమే, బావి నీటి సంగతి కాదు. రిపోర్టులో ఆ మాట విడిగా రాయండి.

ఆ పాత చిత్రాలూ, రీడింగులూ దొరకకపోతే ఇప్పుడు ఉన్న తేడాను మాత్రమే చెప్పండి. పై ఉదాహరణలో 2016 తరువాతి అంకెలే ఉంటే పోలిక సగటు 5.7, పని చెరువు 5.0, తేడా 0.7 మీటర్లు. ముందు అంకెలతో వచ్చిన 1.2తో అది సరిపోలదు, ఎందుకంటే పని చెరువు మొదటి నుంచీ అర మీటరు కిందే ఉండేది.

## 8. రిపోర్టులో తప్పక ఉండాల్సినవి

- పోలిక చెరువులను ఎలా, ఎప్పుడు ఎంచుకున్నారు, ఏవి వదిలేశారు, ఎందుకు.
- చెరువుల సంఖ్య ముందు, బావుల సంఖ్య తరువాత.
- ప్రతి చెరువు ముందు, తరువాత అంకెలు పట్టికలో, సగటు ఒక్కటే కాదు.
- తేడాతో పాటు దాని హద్దులు.
- దొంగ పరీక్ష ఫలితం.
- ఏటేటా వాన, యాసంగి వరి విస్తీర్ణం, కొత్త బోర్లు, కాలువ నీరు వచ్చిన తేదీలు.
- ఎండిన బావుల జాబితా.